ఎపిసోడ్ 23: అన్‌డూ మధ్యలో మళ్లీ కరెంట్ పోతే? ఏరీస్ రికవరీ, లింగంపల్లి రూమ్ నుంచి

పోయిన ఎపిసోడ్‌లో రైట్ ఎహెడ్ లాగింగ్ గురించి చెప్పుకున్నాం కదా. డేటా పేజీ డిస్క్‌కి వెళ్లే ముందే దాని లాగ్ రికార్డ్ డిస్క్‌కి వెళ్లి తీరాలి, అదే రూల్. ఈరోజు ఆ లాగ్‌ని ఎలా వాడుకుంటారో చూద్దాం. సర్వర్ ఠపీమని ఆగిపోయి మళ్లీ లేచినప్పుడు జరిగే మూడు దశలు: అనాలిసిస్, రీడూ, అన్‌డూ. మొదటి రెండూ పైపైన చెప్పి, మూడోదాంట్లో కాస్త లోతుకి వెళ్తాను. ఎందుకంటే నేను దెబ్బతిన్నది అక్కడే.

విషయం ఏంటంటే, నేర్చుకుందామని నేనొక బుల్లి స్టోరేజ్ ఇంజిన్ రాసుకున్నా. ఖాతాలు, వాటిలో డబ్బులు, ఒక లాగ్ ఫైల్, అంతే. లింగంపల్లిలో మా రూమ్‌లో పాత డెస్క్‌టాప్ మీద నడిచేది, యూపీఎస్ లేదు. ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేస్తే మా వైపు కరెంట్ ఎలా ఆడుకుంటుందో మీకు తెలుసు కదా. పోయింది. వచ్చింది. నా ఇంజిన్ లేచి రికవరీ మొదలుపెట్టింది. ఆ రికవరీ పూర్తవకముందే మళ్లీ పోయింది. రెండోసారి లేచాక చూస్తే ఖాతాలన్నీ కలిపి 6000 ఉండాల్సింది 5800 ఉంది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు, "రికవరీ పూర్తయింది" అని చక్కగా ప్రింట్ కూడా చేసింది. 200 రూపాయలు మాత్రం గాల్లో కలిసిపోయాయి.

ఆ 200 ఎక్కడికి పోయాయో తెలిస్తే ఏరీస్ మీకు అర్థమైనట్టే.

ఏరీస్ అంటే 1992లో వచ్చిన ఒక పేపర్‌లోని పద్ధతి. ఐబీఎంలో పనిచేసిన సి. మోహన్, ఇంకో నలుగురు కలిసి రాశారు. మోహన్ గారు మన పక్కన చెన్నైలోనే, ఐఐటీ మద్రాస్‌లో చదువుకున్నారు. పేపర్ 69 పేజీలు. ఐబీఎం డీబీ2, మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ లాంటివి ఈ దారిలోనే నడిచాయి. ఇక్కడి ఐటీ ఆఫీసుల్లో మీలో ఎంతోమంది రోజూ ముట్టుకునే సర్వర్లే అవి.

ముందు బొమ్మ మనసులో పడాలి. మా వీధి చివర ఒక పాత కిరాణా కొట్టు ఉంది. ఆ పెద్దాయన దగ్గర రెండు పుస్తకాలుంటాయి. ఒకటి చిట్టా, అంటే రోజులో జరిగిందల్లా వరసగా, నంబర్ వేసి రాసేది. రెండోది ఆవర్జా. అందులో ఒక్కో మనిషికి ఒక పేజీ, ఆ మనిషి బాకీ ఎంత అన్నది అక్కడుంటుంది. చిట్టా వెంటనే రాస్తాడు, ఆవర్జా తీరిగ్గా ఎక్కిస్తాడు. ఎక్కించినప్పుడల్లా ఆ పేజీ మూలన "చిట్టా నంబర్ 30 వరకు ఎక్కింది" అని చిన్నగా రాసుకుంటాడు.

డేటాబేస్‌లో చిట్టా అంటే లాగ్. చిట్టా నంబర్ అంటే లాగ్ సీక్వెన్స్ నంబర్, ఎల్‌ఎస్‌ఎన్. ఎప్పుడూ పెరుగుతూనే ఉంటుంది. ఆవర్జా అంటే డేటా పేజీలు. పేజీ మూలన రాసుకున్న నంబర్‌ని పేజీ ఎల్‌ఎస్‌ఎన్ అంటారు. ఈ పేజీ మీద ఇంతవరకు జరిగినవన్నీ ఎక్కాయి అని ఆ నంబర్ హామీ ఇస్తుంది. ఈ హామీని గుర్తుపెట్టుకోండి, కథంతా దీని మీదే నడుస్తుంది.

ఇప్పుడు నా లాగ్ చూద్దాం. మూడు ఖాతాలు, ఒక్కోటి ఒక్కో పేజీలో. రమేశ్ దగ్గర 2000, సలీం దగ్గర 1000, లత దగ్గర 3000. మొత్తం 6000. ట్రాన్సాక్షన్లు రెండు. మొదటిదాంట్లో రమేశ్ సలీంకి 500 పంపుతాడు. రెండోదాంట్లో లత సలీంకి 200, రమేశ్‌కి 300 పంపాలి.

```
P1 = రమేశ్   P2 = సలీం   P3 = లత
LSN  txn  page  change  prevLSN
10   T1   P1    -500    0
20   T2   P3    -200    0
30   T1   P2    +500    10
40   T1   COMMIT        30
50   T2   P2    +200    20
60   T2   P3    -300    50
--- కరెంట్ పోయింది ---
```

చివరి కాలమ్ చూడండి. అదే ట్రాన్సాక్షన్ ఇంతకుముందు రాసిన రికార్డ్ ఏదో అది చెప్తుంది. దాని పట్టుకుని వెనక్కి నడవొచ్చు: 60 నుంచి 50కి, 50 నుంచి 20కి. లత పంపాల్సిన 300 రమేశ్‌కి చేరకముందే కరెంట్ పోయింది. కాబట్టి రెండో ట్రాన్సాక్షన్ మొత్తం రద్దవ్వాలి. మొదటిది కమిట్ అయింది, అది నిలబడాలి.

మరి ఆ క్షణానికి డిస్క్ మీద పేజీలు ఎలా ఉన్నాయి? ఇక్కడ చాలామంది పొరబడతారు. కమిట్ అయితే పేజీ డిస్క్‌కి వెళ్లిపోయి ఉంటుంది, కాకపోతే వెళ్లి ఉండదు అనుకుంటారు. అలా ఏం లేదు. కమిట్ టైమ్‌కి డిస్క్‌కి వెళ్లి తీరాల్సింది లాగ్ ఒక్కటే. పేజీలు మెమరీలో చోటు కోసం ఎప్పుడు పడితే అప్పుడు వెళ్తాయి. ఆరోజు ఇలా ఉంది:

```
page  amount  pageLSN
P1    2000    0
P2    1500    30
P3    2500    60
```

చూశారా? కమిట్ అయిన రమేశ్ మార్పు డిస్క్ మీద లేదు. కమిట్ కాని లత మార్పులు మాత్రం రెండూ డిస్క్ మీద ఉన్నాయి. మొత్తం తలకిందులు. దీన్ని సరిచేయడమే రికవరీ పని.

మొదటి దశ అనాలిసిస్. చివరి చెక్‌పాయింట్ నుంచి లాగ్ చివరిదాకా ఒకసారి చదువుతుంది. మన ఉదాహరణలో 10కి ముందే చెక్‌పాయింట్ పడింది, అప్పుడు పెండింగ్ ఏమీ లేదు అనుకుందాం. ఈ దశలో ఏ పేజీనీ ముట్టుకోదు. రెండు లిస్టులు మాత్రం తయారుచేస్తుంది. ఒకటి, సగంలో ఆగిన ట్రాన్సాక్షన్లు. మనకి రెండో ట్రాన్సాక్షన్, దాని చివరి రికార్డ్ 60. ఇంకోటి, డిస్క్‌కి చేరి ఉండకపోవచ్చు అనే అనుమానం ఉన్న పేజీలు, ఒక్కోదాని మీద ఆ అనుమానం ఏ ఎల్‌ఎస్‌ఎన్ నుంచి మొదలవుతుందో. రమేశ్ పేజీకి 10, లత పేజీకి 20, సలీం పేజీకి 30. వీటిలో అన్నిటికంటే చిన్నది 10. రీడూ అక్కడినుంచి మొదలవ్వాలి.

రెండో దశ రీడూ. 10 నుంచి ముందుకి నడుస్తుంది. ప్రతి మార్పు దగ్గరా పేజీ తెరిచి మూలన నంబర్ చూస్తుంది. పేజీ ఎల్‌ఎస్‌ఎన్ ఈ రికార్డ్ నంబర్ కంటే చిన్నదైతే మార్పు చేస్తుంది. సమానమో పెద్దదో అయితే ఇది ఎప్పుడో ఎక్కేసిందని వదిలేస్తుంది.

10 దగ్గర రమేశ్ పేజీ సున్నాలో ఉంది, కాబట్టి 500 తగ్గించి 1500 చేసి, మూలన 10 రాస్తుంది. 20 దగ్గర లత పేజీ 60లో ఉంది, వదిలేస్తుంది. 30 దగ్గర సలీం పేజీ 30లోనే ఉంది, వదిలేస్తుంది. 50 దగ్గర సలీం పేజీ ఇంకా 30లోనే ఉంది. కాబట్టి 200 కలిపి 1700 చేసి, మూలన 50 రాస్తుంది. 60 దగ్గర లత పేజీ 60, వదిలేస్తుంది.

ఒక్క నిమిషం. 50వ రికార్డ్ ఎవరిది? రద్దవ్వాల్సిన ట్రాన్సాక్షన్‌ది. ఎలాగూ వెనక్కి తీసేదాన్ని ఇప్పుడు మళ్లీ ఎందుకు చేయడం? నాకూ మొదట్లో ఇది వృథా పనిలా అనిపించింది. కానీ పేజీ మూలన నంబర్ ఇచ్చే హామీ ఏంటో గుర్తుతెచ్చుకోండి: ఇంతవరకు జరిగినవన్నీ ఎక్కాయి. 50ని వదిలేసి, అదే పేజీ మీద తర్వాత కమిట్ అయిన ఇంకెవరిదో మార్పు ఎక్కించి, దాని నంబర్ మూలన రాస్తే ఆ హామీ అబద్ధమవుతుంది. అప్పుడు 50 ఈ పేజీలో ఉందో లేదో ఎవరూ చెప్పలేరు. అందుకే ఏరీస్ ముందు చరిత్రను జరిగింది జరిగినట్టు నడిపిస్తుంది, గెలిచినవాళ్లవీ ఓడినవాళ్లవీ కలిపి. రీడూ అయ్యాక పేజీలు సరిగ్గా కరెంట్ పోయిన క్షణంలో ఉన్నట్టే ఉంటాయి: 1500, 1700, 2500. ఏది ఉంచాలి, ఏది తీయాలి అనే లెక్క ఆ తర్వాతే.

మూడో దశ అన్‌డూ. రెండో ట్రాన్సాక్షన్‌ని 60 నుంచి వెనక్కి విప్పాలి. నా ఇంజిన్ ఏం చేసిందో ముందు చెప్తా.

60ని విప్పి లతకి 300 కలిపింది, 2800. 50ని విప్పి సలీం నుంచి 200 తీసింది, 1500. అప్పుడే సలీం పేజీ డిస్క్‌కి వెళ్లింది, లత పేజీ మెమరీలోనే ఉంది. కరెంట్ పోయింది.

అన్‌డూ చేసేటప్పుడు నేను లాగ్‌లో ఏమీ రాయలేదు. రద్దు చేసేదానికి కూడా లాగ్ ఎందుకులే అనుకున్నా. పేజీ మూలన నంబర్ కూడా మార్చలేదు, 50 అలాగే ఉంది. రెండోసారి లేచాక ఇంజిన్‌కి కనిపించిన లాగ్ మళ్లీ 60 దగ్గరే ఆగింది. మొదటి రికవరీ జరిగిన ఆనవాలే లేదు. అదేమో బుద్ధిగా మళ్లీ 60 నుంచి విప్పింది. లత పేజీ డిస్క్ మీద ఇంకా 2500 ఉంది కాబట్టి అక్కడ ఇబ్బంది రాలేదు. సలీం పేజీ డిస్క్ మీద అప్పటికే 1500, అంటే ఒకసారి తీసేసింది. మూలన మాత్రం 50 ఉంది. సో 50 ఎక్కే ఉందనుకుని ఇంకోసారి 200 తీసింది. 1300. చివరికి 1500, 1300, 3000. మొత్తం 5800.

అదన్నమాట ఆ 200 కథ. ఒకే అన్‌డూ రెండుసార్లు జరిగింది.

కనిపెట్టాక నేను చేసిన మొదటి రిపేర్ ఇంకా అందంగా తప్పింది. అది చెప్తే సీఎల్‌ఆర్ ఎందుకు కావాలో బాగా తెలుస్తుంది. 50ని విప్పాక పేజీ మూలన నంబర్‌ని వెనక్కి, 30కి తిప్పేస్తే సరిపోతుంది కదా అనుకున్నా. అప్పుడు రీడూ 50ని మళ్లీ ఎక్కిస్తుంది, అన్‌డూ మళ్లీ తీస్తుంది, లెక్క సరి. పై ఉదాహరణలో నిజంగానే పనిచేసింది కూడా.

కానీ ఒక పేజీలో ఒక్క ఖాతాయే ఉండదు కదా. సలీం పేజీలోనే గీత ఖాతా కూడా ఉందనుకోండి. 55వ నంబర్‌లో ఎవరో గీతకి 100 వేశారు, కమిట్ కూడా అయింది. ఇప్పుడు పేజీ మూలన 55 ఉంది. సలీంది విప్పి నంబర్‌ని 30కి తిప్పితే, తర్వాతి రీడూ 55ని కూడా మళ్లీ ఎక్కిస్తుంది, గీతకి 100 రెండుసార్లు పడుతుంది. తిప్పకుండా 55గానే ఉంచితే సలీంకి 200 రెండుసార్లు పోతుంది. ఎటు చూసినా ఎవరో ఒకరు మునుగుతారు. ఒకే పేజీలో వేరే వేరే రోలకి వేరే వేరే ట్రాన్సాక్షన్లు లాక్ పెట్టుకోగలిగే ప్రతి డేటాబేస్‌కీ ఈ చిక్కు ఉంటుంది. ఏరీస్ పేపర్ పేరులోనే ఈ సన్నని లాకింగ్ మాట ఉండటానికి కారణం ఇదే.

మన కొట్టు పెద్దాయన ఏం చేస్తాడు? పొరపాటున సలీం పేరు మీద 200 రాస్తే చిట్టాలో దాన్ని కొట్టేయడు. చివర కొత్త నంబర్ వేసి, "ఫలానా నంబర్ పొరపాటు, 200 తిరగరాశాం" అని ఇంకో పద్దు రాస్తాడు. ఆవర్జాలో ఎక్కించి, మూలన ఆ కొత్త నంబర్ వేస్తాడు. వెనక్కి తీసుకోవడం కూడా ఆయన లెక్కలో ముందుకు రాసే పద్దే.

ఏరీస్‌లో ఆ తిరగరాసిన పద్దు పేరే కాంపెన్సేషన్ లాగ్ రికార్డ్, సీఎల్‌ఆర్. ప్రతి అన్‌డూకీ ఒకటి. దానికి సొంత ఎల్‌ఎస్‌ఎన్ ఉంటుంది, పేజీ మూలన అదే పడుతుంది, కాబట్టి పేజీ నంబర్ ఎప్పుడూ వెనక్కి పోదు. దాంతోపాటు ఇంకో గడి కూడా ఉంటుంది: ఇక విప్పాల్సిన తర్వాతి రికార్డ్ ఏది అని. ఇంజిన్‌ని మళ్లీ రాశాక అదే రాత్రి ఇలా ఉండేది:

```
LSN  txn  page  change  undoNext
70   T2   P3    +300    50   CLR (60)
80   T2   P2    -200    20   CLR (50)
--- మళ్లీ కరెంట్ పోయింది ---
```

సలీం పేజీ 1500తో, మూలన 80తో డిస్క్ మీద ఉంది. లత పేజీ ఇంకా 2500, 60. రమేశ్ పేజీ కూడా ఇంకా పాతదే.

రెండోసారి లేచాం. అనాలిసిస్‌కి ఈసారి రెండో ట్రాన్సాక్షన్ చివరి రికార్డ్ 80 అని తెలుస్తుంది. రీడూ 10 నుంచి నడుస్తుంది. రమేశ్‌ది మళ్లీ 1500 అవుతుంది. 50 దగ్గరికి వస్తే సలీం పేజీ 80లో ఉంది, వదిలేస్తుంది. 70 దగ్గర లత పేజీ 60లో ఉంది కాబట్టి ఆ సీఎల్‌ఆర్‌ని మామూలు మార్పులాగే ఎక్కిస్తుంది, 2800. 80 ఎక్కే ఉంది, వదిలేస్తుంది. అంటే పోయినసారి చేసిన అన్‌డూ పని ఇప్పుడు రీడూలో తిరిగొచ్చింది.

ఇక అన్‌డూ. చివరి రికార్డ్ 80 ఒక సీఎల్‌ఆర్. సీఎల్‌ఆర్‌ని ఎప్పుడూ విప్పరు, ఇది ఖచ్చితమైన రూల్. దాని గడిలో ఉన్న నంబర్ చూసి సరాసరి 20కి దూకుతారు. 60నీ 50నీ మళ్లీ ముట్టుకునే పనే లేదు. 20ని విప్పితే లతకి 3000, దానికి 90వ నంబర్‌తో సీఎల్‌ఆర్. దాని గడిలో సున్నా, అంటే ఇక ఏం మిగల్లేదు. ట్రాన్సాక్షన్ ముగిసిందని ఒక రికార్డ్ రాసి వదిలేస్తారు. 1500, 1500, 3000. మొత్తం 6000.

ఇలా చేయడం వల్ల ఇంకో లాభం. కరెంట్ పదిసార్లు పోయినా సరే, డిస్క్‌కి చేరిన సీఎల్‌ఆర్ ఒక్కటీ వృథా కాదు. ఒక ట్రాన్సాక్షన్ మూడు మార్పులు చేస్తే లాగ్‌లో నిలబడే సీఎల్‌ఆర్‌లు మూడే. అన్‌డూకి అన్‌డూ, దానికి మళ్లీ అన్‌డూ అని లాగ్ ఉబ్బిపోదు.

సరే, ఇది మీ ఆఫీస్ సర్వర్‌లో ఎక్కడ కనిపిస్తుంది? ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎర్రర్ లాగ్ తెరిస్తే, పెద్ద రికవరీ నడుస్తున్నప్పుడు ఇలాంటి లైన్ ఉంటుంది:

```
Recovery of database 'Sales' (7) is 42% complete
(approximately 1260 seconds remain). Phase 3 of 3.
```

ఆ మూడు దశలు మనం ఇందాక నడిచిన మూడే. మూడో దశలో ఉంది అంటే అన్‌డూ నడుస్తోంది. ఎవరో గంటల తరబడి ఒకే ట్రాన్సాక్షన్‌లో అప్‌డేట్ నడిపి, అది మధ్యలో తెగితే ఈ దశ చాలాసేపు పడుతుంది. చేసిన ప్రతి మార్పుకీ ఒక విప్పుడు ఉంటుంది మరి. అప్పుడు మేనేజర్ వచ్చి "సర్వీస్ ఒకసారి రీస్టార్ట్ చేసేయ్ బ్రో, తేలిపోతుంది" అంటాడు. చేయకండి. డేటా పాడవదు, సీఎల్‌ఆర్ ఉన్నదే అందుకు. కానీ అనాలిసిస్, రీడూ మళ్లీ మొదటినుంచి నడుస్తాయి. అప్పటిదాకా రాసిన సీఎల్‌ఆర్‌లు కూడా ఇప్పుడు రీడూ పనిలో కలుస్తాయి. అన్‌డూ ఆగినచోటి నుంచే సాగుతుంది, కానీ అక్కడికి చేరడానికే టైమ్ పోతుంది.

ఇంకో జాగ్రత్త. అన్‌డూకి కూడా లాగ్‌లో చోటు కావాలి. డిస్క్ నిండిపోయిందని ట్రాన్సాక్షన్ రద్దు చేస్తే, ఆ రద్దుకే రికార్డులు రాయాలి. అందుకే ఎస్‌క్యూఎల్ సర్వర్ లాంటివి ప్రతి మార్పుకీ దాని రద్దుకి సరిపడా చోటు లాగ్‌లో ముందే రిజర్వ్ చేసి పెడతాయి. సొంతంగా రాసుకునేవాళ్లు ఇది మర్చిపోవద్దు.

అన్ని డేటాబేస్‌లూ ఇలాగే చేస్తాయా అంటే, లేదు. పోస్ట్‌గ్రెస్ క్రాష్ రికవరీలో రీడూ మాత్రమే ఉంటుంది, ఇలాంటి అన్‌డూ దశ ఉండదు. పాత రో అక్కడే ఉంచి కొత్త వెర్షన్ పక్కన రాస్తుంది కాబట్టి, కమిట్ కాని వెర్షన్‌ని ఎవరికీ చూపించకపోతే చాలు. ఆ చెత్త తర్వాత వాక్యూమ్ ఊడుస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ కూడా 2019 వెర్షన్‌లో, పాత వెర్షన్లు దాచుకుని అన్‌డూని చిటికెలో ముగించే పద్ధతి తెచ్చింది. ఆన్ చేసుకుంటేనే పనిచేస్తుంది.

చివరిగా, మీరూ ఇలాంటి బుల్లి ఇంజిన్ రాస్తుంటే ఒక టెస్ట్ చెప్తా. నాది ఒక క్రాష్‌కి తట్టుకుంది, అందుకే బాగుందనుకుని మోసపోయా. అన్‌డూ లూప్‌లో ప్రతి సీఎల్‌ఆర్ రాశాక ప్రోగ్రామ్ తనంతట తానే చచ్చిపోయేలా చేయండి. మొదటిసారి ఒకటి రాశాక, తర్వాత రెండు రాశాక, ఇలా. ప్రతిసారీ కొన్ని పేజీలు డిస్క్‌కి పంపి, కొన్ని పంపకుండా రకరకాలుగా కలపండి. మళ్లీ లేపి మొత్తం కూడండి. ఒక్కటి గుర్తుంచుకోండి, ప్రోగ్రామ్‌ని `kill -9` కొడితే ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గరున్న రాతలు పోవు. కరెంట్ పోతే అవీ పోతాయి. కాబట్టి `fsync` మర్చిపోయిన తప్పు ఈ టెస్ట్‌లో దొరకదు, దాన్ని విడిగా చూసుకోవాలి.

నాది ఇప్పుడు ఎక్కడ చంపినా 6000 చూపిస్తోంది. యూపీఎస్ మాత్రం ఇంకా కొనలేదు. గాలిదుమారం వస్తే ఫ్రీగా టెస్టింగ్ అయిపోతోంది మరి.

వచ్చే ఎపిసోడ్‌లో చెక్‌పాయింట్ చూద్దాం. సర్వర్ ఆపకుండా, పేజీలన్నీ డిస్క్‌కి పంపకుండా చెక్‌పాయింట్ ఎలా వేస్తారు అన్నది. అప్పటిదాకా ఒక చిన్న లెక్క: ఈరోజు ఉదాహరణలో 70 రాశాక, 80 రాయకముందే కరెంట్ పోయి ఉంటే, రెండోసారి అన్‌డూ ఏ రికార్డ్ నుంచి మొదలవుతుంది? కాగితం మీద వేసి చూడండి. ఉంటానండీ.